నా ఈసాప్ కథ: 3,600 అనుకున్నవి 3,000 అయ్యాయి, కొట్లాడితే 3,300 అయ్యాయి

జూలై 31న పాత కంపెనీలో నా చివరి రోజు. అక్టోబరు 29తో ఉద్యోగిగా నాకిచ్చిన స్టాక్ ఆప్షన్ల గడువు కూడా ముగిసింది. ఈసాప్ అంటే అవే. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమో అని ఇప్పుడే రాసేస్తున్నాను.

కంపెనీ హెడ్డాఫీసు బెంగళూరులో. నేను మూడేళ్లూ విజయవాడ పటమటలో మా ఇంటి ముందు గదిలో కూర్చునే పని చేశాను. 2022లో చేరేటప్పుడు జీతం ఇంకో లక్షన్నర పెంచమని అడిగితే, "జీతం పెంచలేం గానీ ఈసాప్ ఇస్తాం" అన్నారు. ఆఫర్ లెటర్లో "బోర్డు ఆమోదానికి లోబడి 4,800 స్టాక్ ఆప్షన్లు" అని ఒక వాక్యం ఉంది. అందులో 4,800 అన్నదే నా కంటికి ఆనింది. "బోర్డు ఆమోదానికి లోబడి" అన్న ముక్క ఆనలేదు.

జూన్ 6న చేరాను. ఆప్షన్లు ఇచ్చినట్టు చెప్పే గ్రాంట్ లెటరు మాత్రం అక్టోబరులో వచ్చింది, దాని మీద తేదీ 17 అక్టోబరు 2022. రెండే పేజీలు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆపుకుని ఫోన్లోనే సంతకం పెట్టేశాను. సిగ్నల్ పడేలోపు అయిపోయిన పనికి మొన్న మూడు నెలలు తిరగాల్సి వచ్చింది.

ఆ లెటర్లో ఉన్నదేమిటో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆప్షన్ అంటే షేరు కాదు. ముందే రాసిపెట్టిన ధరకి, నా విషయంలో ₹40కి, తర్వాత ఎప్పుడో షేరు కొనుక్కునే హక్కు మాత్రమే. ఆ హక్కు కూడా ఒక్కరోజులో మన చేతికి రాదు, కొంచెం కొంచెంగా వస్తుంది. దాన్నే వెస్ట్ అవడం అంటారు. మొదటి ఏడాది నిండేదాకా ఒక్కటి కూడా రాదు, అదే క్లిఫ్. ఏడాది నిండిన రోజున నాలుగో వంతు, అంటే 1,200 ఒకేసారి వస్తాయి. ఆ తర్వాత మూడు నెలలకోసారి 300 చొప్పున మూడేళ్లపాటు. మొత్తం నాలుగేళ్లు. ఇంతవరకూ ఎవరికైనా అర్థమవుతుంది, నాకూ అయింది. ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి, ఏ రోజుకి ఆపాలి అన్నదే అర్థం కాలేదు. డబ్బంతా ఆ రెండు తేదీల్లోనే ఉంది.

2025 మే 2న రాజీనామా ఇచ్చాను. తొంభై రోజుల నోటీసు, జూలై 31 చివరి రోజు. నేను చేరింది జూన్ 6 కాబట్టి మూడేళ్లు నిండాయి, 1,200కి ఎనిమిది త్రైమాసికాల 2,400 కలిపితే 3,600 అని నా లెక్క. కంపెనీ తాజా వాల్యుయేషన్ షేరుకి ₹210. అంటే ఏడున్నర లక్షల పైమాటే. ఈ లెక్క నా మనసులో పెట్టుకుని ఊరుకుంటే బాగుండేది. తెనాలిలో మా పిన్ని కూతురి నిశ్చితార్థంలో భోజనాల దగ్గర నలుగురికీ చెప్పాను. కారు లోన్ తీర్చేస్తానని కూడా అన్నాను.

జూలై చివర్లో హెచ్‌ఆర్‌తో ఆఖరి వీడియో కాల్. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు విషయాలు అయ్యాక ఆవిడ చాలా మామూలుగా, "మీకు వెస్ట్ అయినవి 3,000, మిగతావి లాప్స్ అయ్యాయండీ" అంది. 3,600 కదా అన్నాను. లెక్క గ్రాంట్ తేదీ నుంచి, మీరు చేరిన తేదీ నుంచి కాదు అంది. అలా చూసినా జూలై 17కి 3,300 అవ్వాలి కదా అన్నాను. రాజీనామా ఇచ్చిన రోజుతో వెస్టింగ్ ఆగిపోతుంది, మే 2 తర్వాత ఏదీ రాదు అంది. నేను గొంతు పెంచాను. అప్పుడు స్క్రీన్ మీద నా గ్రాంట్ లెటరే తెరిచి, రెండో పేజీలో నా సంతకానికి సరిగ్గా పైన ఆ మాటే ఉన్న లైనుని పసుపురంగుతో గీసి, "మీరు చదివే సంతకం పెట్టారు కదండీ" అంది. కాల్‌లో నా మేనేజరు ఉన్నాడు, నా పని అప్పగించుకుంటున్న కుర్రాడు కూడా ఉన్నాడు. ఆ కుర్రాడు కెమెరా ఆపేశాడు. నా మీద జాలితోనే అనుకుంటాను. ఆ జాలి తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

మూడేళ్లు ఆ కంపెనీకి శనివారాలు కూడా పనిచేశాను. సంక్రాంతి రోజున సర్వర్ పడిపోతే ముగ్గు పక్కన కుర్చీ వేసుకుని బాగు చేసినవాణ్ణి. ఆ రోజు "మనదే కంపెనీ" అన్నారు. సరే, విషయానికి వస్తాను.

గుంటూరు బ్రాడీపేటలో మా బావ సీఏ. మర్నాడు ఉదయమే వెళ్లి లెటరు చేతిలో పెట్టాను. బావ రెండు నిమిషాలు చదివి, "ఏరా, ఇది గ్రాంట్ లెటరు. ప్లాన్ ఏది?" అన్నాడు. ప్లాన్ అంటే ఏమిటన్నాను. ఆప్షన్ల షరతులన్నీ ఉండే అసలు పత్రం అని, లెటరు చివరి పేరా చూపించాడు: ఈ లెటర్‌కీ ఈసాప్ ప్లాన్‌కీ తేడా వస్తే ప్లానే చెల్లుతుంది. ఆ ప్లాన్ నాకెవరూ పంపలేదు, నేనూ అడగలేదు.

చేరిన తేదీ సంగతి ముందు తేల్చేశాడు. ఆప్షన్లు ఇవ్వాలంటే వాటాదారులు తీర్మానంతో, చాలాచోట్ల ప్రత్యేక తీర్మానంతో, స్కీమ్‌ని, అంటే ఆ ప్లాన్‌నే, ఆమోదించాలి, ఆ తర్వాత ఎవరికెన్ని అని బోర్డు గ్రాంట్ చెయ్యాలి. గ్రాంట్‌కీ మొదటి వెస్టింగ్‌కీ మధ్య కనీసం ఏడాది ఉండాలని 2014 నాటి కంపెనీల షేర్ క్యాపిటల్ రూల్స్‌లో పన్నెండో రూలు చెబుతుంది. అంటే క్లిఫ్ ఏడాది అన్నది కంపెనీ దయ కాదు, చట్టమే. నా గ్రాంట్ నాలుగు నెలలు ఆలస్యమైంది, లెక్కా ఆలస్యమైంది. అయితే ఆ ఏడాది దాటాక వచ్చే త్రైమాసికాలను చేరిన తేదీ నుంచి లెక్కపెట్టేలా గ్రాంట్ లెటర్లో రాయించుకోవచ్చట. కొన్ని కంపెనీలు అలా రాస్తాయి. "అడిగావా?" అన్నాడు. అడగలేదు. కాబట్టి ఆ 300 మీద ఆశ వదులుకున్నాను. కొత్త ఉద్యోగంలో చేరేవాళ్లు జీతం దగ్గర బేరం ఆపేసి ఈ ఒక్క లైను అడగండి. ఇవ్వడానికి వాళ్లకి ఆ రోజున పైసా ఖర్చుండదు.

మిగిలింది రెండో 300. రాజీనామా చేస్తే ఆ రోజుకి వెస్ట్ కానివన్నీ పోతాయని రూలులోనే ఉంది, అందులో హెచ్‌ఆర్ అబద్ధం చెప్పలేదు. కానీ "ఆ రోజు" అంటే రాజీనామా మెయిల్ పంపిన రోజా, ఉద్యోగంలో ఆఖరి రోజా? అది ప్లాన్‌లో ఎలా రాశారో చూడాలి. ప్లాన్ కాపీ కోసం మూడు మెయిళ్లు పెట్టాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "అది అంతర్గత పత్రం" అన్నారు. నా ఆప్షన్ల షరతులు నాకే రహస్యమట!

బావ నవ్వి, వాటాదారుల ప్రత్యేక తీర్మానాన్ని కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర MGT-14 అనే ఫారంలో దాఖలు చెయ్యాలి, అది కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో డబ్బు కట్టి ఎవరైనా చూడొచ్చు అన్నాడు. వంద రూపాయలు కట్టాం. తీర్మానంతో పాటు వివరణ పత్రం జతచేసి ఉంది. రాజీనామా చేస్తే వెస్ట్ అయినవాటిని ఎన్నాళ్లలో కొనుక్కోవాలి, ఏ పరిస్థితుల్లో పోతాయి అన్నవి ఆ పత్రంలో చెప్పి తీరాలని అదే పన్నెండో రూలు అంటుంది. మా అదృష్టం, ప్లాన్ మొత్తం కూడా దానికే జతచేశారు. ముప్ఫై ఎనిమిది పేజీలు. పదకొండో పేజీలో ఉంది: రాజీనామా విషయంలో లెక్కలోకి వచ్చే తేదీ "ఉద్యోగి సర్వీసులో చివరి పనిదినం". రాజీనామా రోజుతోనే ఆగుతుందన్న వాక్యాన్ని గ్రాంట్ లెటరు రాసిన మహానుభావుడెవరో ఇంకెక్కడి నుంచో ఎత్తుకొచ్చాడు.

నాలుగో మెయిల్ బావ రాయించాడు. కోపం ఒక్క ముక్క లేదు. ప్లాన్ పదకొండో పేజీ, గ్రాంట్ లెటరు చివరి పేరా, జూలై 17 తేదీ, 300 అన్న అంకె. అంతే. తొమ్మిది రోజులకి ఒక్క లైను జవాబు: "మీ వెస్టెడ్ ఆప్షన్లు 3,300గా సవరించాం." సారీ అన్న మాట లేదు. వంద రూపాయలకి మూడు వందల ఆప్షన్లు రాబట్టినవాణ్ణి, ఈ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

ఒక్క విషయం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. జూన్ మధ్యలో "కావాలంటే ముందే రిలీవ్ చేసేస్తాం" అన్నారు. కొత్త కంపెనీ కూడా తొందరపెడుతోంది. చేతిలో పని పూర్తవ్వాలని మేనేజరు ఆపాడు. సంతోషంగా వెళ్లిపోయి ఉంటే చివరి పనిదినం జూన్‌లోనే పడేది, జూలై 17 నాటి 300 నిజంగానే పోయేవి. రాజీనామా చేసేవాళ్లు నోటీసు తగ్గించుకునే ముందు వెస్టింగ్ తేదీలు పక్కన పెట్టుకుని చూసుకోండి.

ఇక కొనే సంగతి. గడువు చివరి రోజు నుంచి తొంభై రోజులు. 3,300కీ ₹40 చొప్పున 1,32,000 కట్టాలి. అది తెలుసు. పన్ను సంగతే తెలియదు. కొన్న రోజున షేరు విలువ 210, నేను కట్టేది 40, తేడా 170. ఆ తేడాని జీతంగా లెక్కగడతారు, షేరు అమ్మకపోయినా సరే. 3,300కి అది 5,61,000. నేను పాత పన్ను విధానంలో 30 శాతం స్లాబులో ఉన్నాను, సెస్సుతో 31.2 శాతం, అంటే 1,75,032. జీతం ఆగిపోయింది కాబట్టి టీడీఎస్ కోసం ఆ డబ్బు ముందే కంపెనీకి పంపితే గానీ షేర్లు ఇవ్వరు. మొత్తం మూడు లక్షల పైచిలుకు, అదీ మార్కెట్‌లో అమ్ముకోలేని షేర్ల కోసం. గుర్తింపు ఉన్న కొన్ని స్టార్టప్‌ల ఉద్యోగులకి ఈ పన్ను వాయిదా వేసుకునే వీలుంది గానీ, ఉద్యోగం వదిలితే ఆ వాయిదా కూడా చెల్లదు.

"ఎవడో పేపరు మీద రాసిన 210కి నువ్వు బ్యాంకు డబ్బులు తీస్తావా?" అని బావ. "ఇన్నాళ్ల కష్టం వదిలేస్తావా?" అని అమ్మ. రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి వెయ్యి మాత్రమే కొన్నాను. 40,000 షేర్లకి, 53,040 పన్నుకి, మొత్తం 93,040. కొత్త కంపెనీ ఇచ్చిన జాయినింగ్ బోనస్ అంతా అందులోనే పోయింది. కారు లోన్ అలాగే ఉంది.

మొన్న డీమ్యాట్‌లో షేర్లు పడ్డాయి. మిగతా 2,300 గురించి అక్టోబరు 30న ఉదయం మెయిల్ వచ్చింది: గడువు ముగిసింది, అవి ఉద్యోగుల కోసం కంపెనీ పక్కన పెట్టుకునే ఈసాప్ పూల్‌లోకి తిరిగి చేరాయి. మెయిల్ పంపిన టైము తొమ్మిదీ రెండు. ప్లాన్ కాపీ అడిగితే రెండు వారాలు పలకనివాళ్లు.