ప్రమోషన్ వచ్చినమ్మాయికి నాలుగు వాక్యాలు

మా జట్టులో టెస్టింగు చూసే అమ్మాయికి ఈ మధ్యాహ్నం ప్రమోషన్ ఉత్తరం అందింది. ఏప్రిల్ 1 నుంచి ఆమె టెస్ట్ లీడ్. ఉత్తరం ఆమె చేతికి చేరేదాకా నేను నోరు మెదపకూడదు కనుక, సంగతి ముందే తెలిసినా ఊరుకున్నాను. అందిందని తెలియగానే తెలుగులో నాలుగు మాటలు రాసి పంపుదామని కూర్చుంటే, రాత్రి భోజనాల వేళకు గానీ అవి తెమలలేదు. మా ఇంట్లో నా చాదస్తం కొత్తేమీ కాదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఆలస్యానికి సగం కారణం పక్క జట్టు మేనేజరు గారు. నాకంటే ముందే ఆయన ఆఫీసు గ్రూపులో 'జట్టుకు వెన్నెముక, అందరికీ స్ఫూర్తిప్రదాత, మీ ప్రతిభకు ఆకాశమే హద్దు' అంటూ పూలగుత్తుల బొమ్మలతో సహా ఒక పేరా పెట్టారు. దాని కింద మిగిలినవారంతా అవే మాటలను అటూ ఇటూ మార్చి పెట్టారు, మధ్యలో ఒకరు పార్టీ ఎప్పుడని అడిగారు. పొగడ్త ఎక్కువైందని కాదు నా చిరాకు. ఆమె చేసిన పని ఏమిటో అంత పేరాలో ఒక్క ముక్క కూడా లేదు. పేరు మార్చి అకౌంట్స్ విభాగంలో ఎవరికి పంపినా సరిగ్గా సరిపోతుంది.

నాన్నగారికి జూనియర్ అసిస్టెంటు నుంచి సీనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్ వచ్చినప్పుడు అచ్చం ఇలాగే జరిగింది. దస్తూరీ బాగుంటుందని ఆ ఆఫీసులో అందరి సన్మాన పత్రాలూ నాన్నగారి చేతనే రాయించేవారు. తన సన్మానానికి తానే రాసుకుంటే బాగుండదని ఆయన కలం పట్టలేదు. దాంతో అధికారి గారు పాత ఫైలులోంచి ఒక పత్రం తీయించి, పేరు మాత్రం మార్చి, శాలువా కప్పే ముందు గంభీరంగా చదివారు. అందులో 'వీరి టైపింగు వేగం అనితరసాధ్యం' అని ఉంది. నాన్నగారు జన్మలో టైపు మిషను ముట్టుకోలేదు. పైగా ఆ వాక్యం ఆయనే వేరొకరి కోసం రాసినది. ఇంటికి వచ్చి కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వారు గానీ, ఆ శాలువాను మాత్రం ఎన్నడూ కప్పుకోలేదు.

అందుకే ఆమె చేసిన పని ఒకటి రాయాలనుకున్నాను. మా బిల్లింగు కొత్త వెర్షన్‌లో 33.31 రూపాయల వస్తువులు మూడు వేసి, ఒక్కొక్కదానికి 18 శాతం పన్ను విడిగా లెక్కించి పైసలకు సవరిస్తే మొత్తం పన్ను 18.00 రూపాయలు వస్తోంది. మూడింటినీ కలిపి లెక్కిస్తే 17.99. బిల్లులో ఒక అంకె, నెలాఖరు నివేదికలో మరొక అంకె. ఒక్క పైసాయే కదా అని అందరం అన్నా ఆమె వినలేదు. ఆ వెర్షన్ అలాగే వెళ్ళి ఉంటే వేల బిల్లుల మీద తేడా పేరుకునేది.

ఇదంతా రాస్తే అభినందన కాస్తా పని నివేదిక అవుతుందని మొదట కొట్టేశాను. తరువాత మనసు మార్చుకున్నాను. ఆమె ఈ సందేశాన్ని వాళ్ళమ్మగారికి చదివి వినిపిస్తుంది. అసలు తెలుగులో రాయడం అందుకే, గ్రూపులో తెలుగు రానివారున్నారు కాబట్టి ఆమెకే విడిగా పంపడమూ అందుకే. ఆ పెద్దావిడకు 'స్ఫూర్తిప్రదాత' అంటే కూతురు ఏం చేసిందో తెలియదు, పైసా తేడా అంటే తెలుస్తుంది. లెక్క వదిలేసి పైసాను ఉంచాను.

'ఇది మీకు ఎప్పుడో రావలసింది' అన్న వాక్యం మీద చాలాసేపు ఆగిపోయాను. రాసినప్పుడు ఆప్యాయంగానే తోచింది. కానీ ఇన్నాళ్ళూ ఇవ్వనిది ఎవరని ఆమె అడిగితే, ఆ సమీక్షల్లో కూర్చున్నవారిలో నేనూ ఉన్నాను. తీసేశాను. 'ఇకపై బాధ్యతలు పెరుగుతాయి' అన్నదీ తీసేశాను, ఆ మాట సోమవారం సమావేశంలో ఎలాగూ చెప్పాలి. చివరికి వెళ్ళింది ఇది, పేరు తీసి ఇక్కడ పెడుతున్నాను:

'...గారూ, టెస్ట్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చినందుకు హృదయపూర్వక అభినందనలు. బిల్లుల్లో ఒక్క పైసా తేడాను మేమంతా వదిలేద్దామన్నా మీరు వదలకపోవడం వల్ల మన వెర్షన్ సరిగ్గా వెళ్ళింది. మీతో కలిసి పనిచేయడం నాకు సంతోషంగా ఉంది. ఇంట్లో అమ్మగారికి కూడా నా నమస్కారాలు చెప్పండి.'

'చాలా థాంక్సండీ, అమ్మకు చదివాను, ఒక్క పైసాకే ఇంత గొడవా అంది' అని జవాబు వచ్చింది. పక్క మేనేజరు గారి పేరాకు మాత్రం ఆమె రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఇది గమనించి సంతోషించడం నా వయసుకు తగదని తెలుసు, అయినా గమనించాను.

ఈసారి ప్రమోషన్ రాని అబ్బాయి ఒకడున్నాడు. అతనూ ఆ గ్రూపులోనే ఉన్నాడు, పూలగుత్తులన్నీ చూసే ఉంటాడు. అతనికి సందేశం రాయను. రేపు ఉదయం టీ దగ్గర పక్కకు పిలిచి, ఎక్కడ తగ్గిందో, వచ్చే సమీక్షకు ఏం కావాలో నోటితోనే చెప్పాలి.