పదకేళి పుస్తకాల సైటుకు చెల్లింపులు: యూపీఐ లింకు నుంచి గేట్‌వే దాకా

1వ వారం

నేను తీరిక వేళల్లో తయారుచేసే తెలుగు పదకేళి పుస్తకాలను అమ్మడానికి ఒక చిన్న సైటు పెట్టుకున్నాను. అచ్చు పుస్తకమైనా, దింపుకునే పీడీఎఫ్ అయినా ధర 120 రూపాయలే. రోజుకు రెండు మూడు ఆర్డర్లకు మించవు కనుక చెల్లింపులను మధ్యలో ఉండి నడిపే గేట్‌వే జోలికి పోకుండా యూపీఐ లింకుతోనే మొదలుపెట్టాను. ఇంటి ఖర్చుల పద్దులతో కలిసిపోకుండా, వేరే ఖాతాకు ముడిపడిన యూపీఐ ఐడీని దీనికోసం కేటాయించాను. లింకు రూపం ఇది:

```
upi://pay?pa=myname@bank&pn=Padakeli%20Books&am=120.00&cu=INR&tn=PK1037
```

ఇందులో `pa` డబ్బు అందుకునే ఐడీ, `pn` పేరు, `am` మొత్తం, `tn` చెల్లింపుతో పాటు వెళ్ళే చిన్న గమనిక. ఖాళీ ఉన్నచోట `%20` రాయాలి. క్యూఆర్‌లో ఉండేదీ అక్షరాలా ఈ వరుసే కాబట్టి, ఒకే వరుస నుంచి లింకునూ బొమ్మనూ తయారుచేశాను. రెండూ అవసరమే. కంప్యూటరులో ఈ లింకు నొక్కితే ఏమీ తెరుచుకోదు, అక్కడ క్యూఆర్ కావాలి. ఫోనులో సైటు చూస్తున్నవారు అదే ఫోనుతో తెరమీది క్యూఆర్‌ను స్కాన్ చేయలేరు, వారికి లింకు కావాలి. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్‌తో చెల్లించాలో ఎంచుకునే జాబితా వస్తుంది, ఐఫోన్‌లో మాత్రం ఫోనే ఏదో ఒక యాప్‌ను తెరిచేస్తుంది. అందుకని లింకు కింద యూపీఐ ఐడీని కాపీ చేసుకునే బొత్తం కూడా ఉంచాను. వ్యక్తిగత ఐడీకి బ్రౌజరు నుంచి వచ్చిన లింకును కొన్ని యాప్‌లు భద్రతా కారణం చూపి తిరస్కరించినప్పుడు కూడా ఆ బొత్తమే ఆదుకుంది.

3వ వారం

డబ్బు రావడంలో ఇబ్బంది లేదు. వచ్చిన డబ్బు ఏ ఆర్డరుదో తేల్చుకోవడమే కష్టమైంది. వ్యక్తిగత యూపీఐ ఐడీకి డబ్బు చేరితే ఆ సంగతి నా ఫోనుకూ బ్యాంకు స్టేట్‌మెంటుకూ తెలుస్తుంది గాని, నా సైటుకు కబురు చేసేవారు ఎవరూ లేరు. కొనుగోలుదారు చెల్లించి బ్రౌజరుకు తిరిగి వచ్చినా, చెల్లించకుండా వచ్చినా సైటుకు రెండూ ఒకటే.

ఒక సాయంత్రం గంట వ్యవధిలో మూడు ఆర్డర్లు వచ్చాయి, ఖాతాలో మూడు 120 రూపాయల జమలు కనిపించాయి. ఒక ఆర్డరు కొడుకు పేరుమీద ఉంటే, డబ్బు తల్లి ఖాతా నుంచి వచ్చింది. గమనికలో ఉండవలసిన ఆర్డరు సంఖ్య ఒక్క జమలోనే కనిపించింది. ఐడీని కాపీ చేసి చెల్లించిన వారు గమనిక రాయనే లేదు. స్క్రీన్‌షాట్ పంపమని అడిగాను గాని, దాన్ని ఎవరైనా దిద్దగలరు కనుక అది రుజువు కాదు. ఆ వారంలోనే ఒకరు పంపిన స్క్రీన్‌షాట్‌కు సరిపోయే జమ నా ఖాతాలో ఎన్నాళ్ళకూ రాలేదు. అప్పటినుంచి స్క్రీన్‌షాట్ అడగడం మానేసి, యూటీఆర్ సంఖ్య నమోదు చేసే గడి పెట్టాను. యూపీఐ చెల్లింపుకు అది 12 అంకెలు ఉంటుంది, స్టేట్‌మెంటులోనూ అదే కనిపిస్తుంది. చాలామంది దాని బదులు యాప్ తనకోసం ఇచ్చుకునే, అక్షరాలు కలిసిన లావాదేవీ సంఖ్యను అతికిస్తున్నారని గమనించి, 12 అంకెలు కానిదేదీ గడి తీసుకోకుండా కట్టడి చేశాను. సగం తికమక దానితోనే పోయింది.

4వ వారం

మిగిలిన సగానికి పైసలను వాడుకున్నాను. ప్రతి ఆర్డరుకూ 1 నుంచి 99 దాకా ఖాళీగా ఉన్న ఒక అంకెను కేటాయించి, అన్ని పైసలు ధరలోంచి తగ్గిస్తాను. 37వ అంకె దక్కిన ఆర్డరుకు లింకులో `am=119.63` ఉంటుంది. కూడిక బదులు తీసివేత ఎంచుకున్నది, చెప్పిన ధరకన్నా ఎక్కువ అడిగామన్న భావన కొనేవారికి కలగకూడదని. స్టేట్‌మెంటులో 119.63 కనిపించగానే, ఎవరి పేరున వచ్చినా, గమనిక లేకపోయినా, అది ఏ ఆర్డరుదో తెలిసిపోతుంది. ఐడీని కాపీ చేసుకునేవారు 120 అని గుండుగుత్తగా కొట్టకుండా, కచ్చితమైన మొత్తాన్ని బొత్తం పక్కనే పెద్ద అక్షరాలతో చూపించాను.

దీనికి ఒక హద్దు ఉంది. ఒకేసారి 99కి మించి ఆర్డర్లు చెల్లింపు కోసం ఎదురుచూడలేవు. ఆర్డరు గడువు 24 గంటలు పెట్టాను గాని, గడువు ముగిసిన వెంటనే ఆ అంకెను మరొకరికి ఇస్తే, ఆలస్యంగా వచ్చిన డబ్బు కొత్త ఆర్డరు ఖాతాలో పడుతుంది. అందుకే విడుదలైన అంకెను మరో మూడు రోజులు పక్కన ఉంచుతున్నాను.

7వ వారం

అచ్చు పుస్తకాలకు ఈ పద్ధతి చక్కగా సరిపోయింది, ఎందుకంటే నేను ఎలాగూ సాయంత్రమే కూర్చుని పార్సిళ్ళు కడతాను, అప్పుడే స్టేట్‌మెంటు కూడా చూస్తాను. పీడీఎఫ్ కొన్నవారి సంగతి వేరు. రాత్రి పదకొండుకు చెల్లించినవారు మర్నాడు నేను లేచి చూసేదాకా ఎదురుచూడవలసి రావడం అన్యాయమని నాకు గట్టిగా అనిపించింది. వారికోసమే గేట్‌వే తీసుకున్నాను. దరఖాస్తుకు పాన్, బ్యాంకు ఖాతా వివరాలతో పాటు సైటులో నిబంధనలు, గోప్యత, వాపసు విధానం, సంప్రదింపు వివరాల పేజీలు అడిగారు. ఆ పేజీలు ముందే రాసి ఉంచుకుంటే తిరుగుటపా తప్పుతుంది.

నాకు కుదిరిన రుసుము 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ. 120 రూపాయల మీద రుసుము 2.40, పన్ను 0.43, మొత్తం 2.83 పోగా నా చేతికి 117.17 వస్తుంది. వంద పీడీఎఫ్‌లకు 283 రూపాయలు. డబ్బు వెంటనే కాక రెండు పనిదినాల తరువాత ఖాతాకు చేరుతుంది. ఈ ఖర్చుకు బదులుగా నాకు దక్కేది వెబ్‌హుక్, అంటే చెల్లింపు పూర్తయిందని గేట్‌వే నేరుగా నా సర్వరుకు పంపే కబురు. కొనుగోలుదారు మధ్యలో బ్రౌజరు మూసేసినా అది వస్తుంది.

ఆ కబురు నిజంగా గేట్‌వే పంపిందేనా అని సంతకంతో సరిచూడాలి:

```python
sig = hmac.new(secret, raw_body, hashlib.sha256).hexdigest()
ok = hmac.compare_digest(sig, header_sig)
```

ఇక్కడ రెండు రోజులు పోగొట్టుకున్నాను. వచ్చిన జేసన్‌ను విప్పి, తిరిగి కూర్చి, దానిమీద సంతకం లెక్కించడంతో ఒక్కటీ సరిపోలేదు; ఖాళీలు, అంకెల రూపం కాస్త మారినా సంతకం మారిపోతుంది. వచ్చిన బైట్లను తాకకుండా అలాగే లెక్కించాలి. ఒకే కబురు రెండుసార్లు వచ్చే సందర్భాలూ ఉన్నాయి కనుక, చెల్లింపు సంఖ్యను డేటాబేసులో ఒక్కసారే నమోదయ్యేలా కట్టడి చేశాను. లేకుంటే ఒకే కొనుగోలుకు రెండు ఈమెయిళ్ళు వెళ్తాయి. కబురులోని మొత్తం పైసల్లో ఉంటుంది. 12000 ఉన్నదో లేదో చూశాకే దింపుకునే లింకు పంపుతున్నాను.

ప్రస్తుతం అచ్చు పుస్తకాలు పైసల గుర్తుతో యూపీఐ మీద, పీడీఎఫ్‌లు గేట్‌వే మీద నడుస్తున్నాయి. గేట్‌వే చెల్లింపుల జాబితాను రోజుకొకసారి తెచ్చుకుని నా ఆర్డర్లతో పోల్చే చిన్న స్క్రిప్టు రాస్తున్నాను. నా సర్వరు ఆగి ఉన్న సమయంలో వచ్చిన కబురు ఏదైనా తప్పిపోయిందేమో దానితో బయటపడుతుంది.