గడ్డకట్టిన తేనె

వేసవిలో మన్ననూరు వెళ్లినప్పుడు కొన్న నల్లమల తేనె ఈ చలికి సీసాలో సగం దాకా గడ్డకట్టింది. మహబూబ్‌నగర్‌లో ఈ వారం తెల్లవారుజామున చలి బాగానే ఉంది. అడుగున రవ్వలా పేరుకున్న తెల్లని పొర చూసి, "పంచదార పాకం అంటగట్టారమ్మా, పారబోయి" అన్నారు అత్తమ్మ. నాకు మనసొప్పలేదు.

తేనెలో నీటికి పట్టనంత గ్లూకోజు ఉంటుంది. చల్లబడితే అది పలుకులుగా విడిపోతుంది. అంతే తప్ప చెడిపోయినట్టు కాదు. అలాగని గడ్డకట్టడం స్వచ్ఛతకు రుజువూ కాదు. చూడవలసింది పైన మిగిలిన పలుచని తేనెను. గ్లూకోజు పలుకులుగా మారాక మిగిలిన ద్రవంలో నీటి పాలు పెరుగుతుంది, పులిసేది అక్కడే. మూత తీసి వాసన చూశాను. పుల్లని వాసన లేదు, నురగ లేదు, బుడగలు లేవు.

నిరుడు ఒక సీసాను మరిగే నీళ్లలో పెట్టి పాడుచేశాను. రంగు ముదిరి, అడవిపూల వాసనంతా పోయింది. ఈసారి గిన్నె అడుగున గుడ్డ మడిచి వేసి, దానిపై గాజు సీసా నిలబెట్టి, చెయ్యి హాయిగా ఉంచగలిగే నీళ్లు పోశాను. అంటే సుమారు 40 డిగ్రీలు. చల్లారినప్పుడల్లా నీళ్లు మార్చాను, పొడి చెంచాతో కలిపాను. తేనెలో ఒక్క నీటిచుక్క పడనివ్వలేదు. మూడు గంటలు పట్టింది.

సాయంత్రం అత్తమ్మ రొట్టె మీద వేసుకుని తిన్నారు.