వార్ఫరిన్ మొదలైనప్పుడు: తిండి, రక్తస్రావం, ఐఎన్ఆర్

కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టినందుకు నాకు, గడ్డకట్టడాన్ని తగ్గించే వార్ఫరిన్ మాత్ర రాశారు. ఇలాంటప్పుడు మాత్రతోపాటు, వెంటనే పనిచేసే హెపారిన్ ఇంజెక్షన్లు కూడా కనీసం 5 రోజులు నడుస్తాయి. మాత్ర ఉండగా సూది ఎందుకంటే, రక్తం గడ్డకట్టించే కొన్ని ప్రొటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. వార్ఫరిన్ ఆపేది ఆ తయారీనే. అప్పటికే ఒంట్లో ఉన్నవి అరిగిపోయేదాకా మందు పూర్తిగా పనిచేయదు. అందుకే, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష అంకె 2కి చేరి, ఒక రోజు నిలబడ్డాకే సూది మానేస్తారు.

నాకు ఐఎన్ఆర్ 2, 3 మధ్య ఉండాలి. 2 కంటే తగ్గితే గడ్డకట్టే భయం, 3 దాటేకొద్దీ రక్తస్రావం భయం. మొదట్లో రెండు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి, కుదురుకున్నాక సుమారు నెలకోసారి పరీక్ష ఉంటుంది.

ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువని, వాటిని మానేయమని చాలామంది చెబుతారు. అది సరికాదు. విటమిన్ కె ఎంత తిన్నా, వారం వారం ఇంచుమించు ఒకేలా ఉంటే చాలు. రోజూ 5 మిల్లీగ్రాములతో ఐఎన్ఆర్ 2.4 ఉన్న మనిషి ఉన్నట్టుండి రోజూ పాలకూర తినడం మొదలుపెట్టాడనుకుందాం. విలువ 1.7కి పడిపోతుంది. కూర సంగతి చెప్పకపోతే డాక్టర్ మోతాదు పెంచుతారు. నెల తర్వాత ఆ కూర మీద మొహం మొత్తి మానేస్తే, పెంచిన మోతాదు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి ఐఎన్ఆర్ 3 దాటిపోతుంది. పరీక్షకు వెళ్లినప్పుడు అంకె ఎంత ముఖ్యమో, ఈమధ్య తిండిలో, మందుల్లో ఏం మారిందో చెప్పడమూ అంతే ముఖ్యం.

జ్వరం, విరేచనాలు వచ్చి సరిగా తినకపోయినా ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఇన్ఫెక్షన్లకు వాడే మందుల్లో మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ బాగా పెంచుతాయి, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. ఇలాంటివి మొదలుపెట్టినా, ఆపినా కొద్దిరోజుల్లోనే మళ్లీ పరీక్ష కావాలి. ఒళ్లునొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోకూడదు. అవి ఐఎన్ఆర్ మామూలుగా ఉన్నప్పుడు కూడా కడుపులో రక్తస్రావం తెప్పించగలవు, అంకె చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

పళ్లు తోముకుంటే చిగుళ్లలో కాస్త రక్తం కనిపించడం, దెబ్బ తగలకుండానే చర్మం కమలడం లాంటివి ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. ముక్కు నొక్కిపట్టినా 10 నిమిషాల్లో రక్తం ఆగకపోతే, మలం తారులా నల్లగా జిగటగా వస్తే, మూత్రం ఎర్రగా ఉంటే, తట్టుకోలేని తలనొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తలకు గట్టి దెబ్బ తగిలితే బాగానే ఉందనిపించినా వెళ్లాల్సిందే. లోపలి రక్తస్రావం గంటల తర్వాత బయటపడవచ్చు.

మాత్ర రోజూ ఒకే వేళకు, చాలామందికి సాయంత్రం. మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే దాన్ని వదిలేసి, ఆ రోజు మాత్ర ఒక్కటే వేసుకుని, మరిచిన తేదీ రాసిపెట్టుకోవాలి. తర్వాతి పరీక్షలో విలువ తగ్గితే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.