మూడో ఎత్తుకే పుస్తకం అయిపోతే

చదరంగంలో తెల్లపావులు వస్తే నేను ఇటాలియన్ ఓపెనింగ్ ఆడతాను. e4 బంటు, f3లో గుర్రం, c4లో బిషప్. అవతలివాళ్లు మూడో ఎత్తులో బిషప్‌ను c5కి తెచ్చినా, గుర్రాన్ని f6కి తెచ్చినా ఆ తర్వాత పది ఎత్తుల దాకా నాకు కంఠతా వచ్చు. ఒక టోర్నీలో ఎదురుగా కూర్చున్నాయన ఈ రెండూ చేయలేదు. బల్ల అంచున ఉన్న h బంటును ఒక గడి జరిపి గడియారం నొక్కాడు.

```
1.e4 e5 2.Nf3 Nc6 3.Bc4 h6
```

నేను చదివిందంతా అక్కడితో సరి. పుస్తకంలో లేని ఎత్తు కాబట్టి తప్పు ఎత్తే అయి ఉంటుందని లోపల చిన్న సంతోషం, దాన్ని ఎలా శిక్షించాలో తెలియక టెన్షన్. చివరికి ‘ఓపెనింగ్‌లో పావులు బయటికి తీయాలి’ అన్న పాత పాఠాన్ని పట్టుకుని రెండో గుర్రాన్ని c3కి తెచ్చాను. ఆయన గుర్రాన్ని f6కి తెచ్చాడు. నేను కాస్లింగ్ చేశాను. రెండూ మంచి ఎత్తులే కదా, ఆలోచించడానికి ఏముంది అనుకున్నాను.

ఆయన గుర్రంతో నా e4 బంటును కొట్టేశాడు. నేను దాన్ని గుర్రంతో తీసుకున్నాను. వెంటనే d5 బంటు వచ్చి అటు నా బిషప్‌ను, ఇటు నా గుర్రాన్ని ఒకేసారి పట్టుకుంది. ఇచ్చిన గుర్రానికి బదులు ఆయనకు ఒక పావు తిరిగి వచ్చేసింది. ఆ స్థితిలో నేనేమీ ఓడిపోలేదు, సమానమే. కానీ ఒక ఎత్తు వృథా చేసుకున్న మనిషి హాయిగా ఆడుతున్నాడు, నేను చెమటలు తుడుచుకుంటున్నాను. తర్వాత ఎండ్‌గేమ్‌లో ఓడాను, అది వేరే కథ.

ఆట అయ్యాక నాకంటే బాగా ఆడే ఒక అన్న పక్కన కూర్చున్నాడు. “h6 ఎందుకు వేశాడనుకున్నావు?” అని అడిగాడు.

“నా గుర్రం g5కి వచ్చి f7 మీద పడకుండా, అన్నా.”

“సరే, ఆపాడు. దానికి ఏం ఖర్చు పెట్టాడు?”

నేను బల్ల వైపు చూశాను. బయట నావి రెండు పావులు, ఆయనది ఒకటి, ఆపైన ఎత్తు నాది. బిషప్ c5కి వచ్చి ఉంటే రెండుకు రెండు అయ్యేది. h6 మీద పెట్టిన ఖర్చు అంతే, ఒక పావు. దాన్ని వాడుకోవాలంటే ఇప్పుడే వాడుకోవాలి, ఎందుకంటే నేను ఒక నెమ్మది ఎత్తు వేస్తే ఆయన తన పావు తెచ్చేసుకుంటాడు, లెక్క సరిపోతుంది.

మేమిద్దరం నాలుగో ఎత్తుకున్న దారులన్నీ బల్ల మీద పెట్టి చూశాం. d3 వేస్తే c1 బిషప్‌కి దారి తెరుచుకుంటుంది గానీ, అది వెళ్లాలనుకునే g5 గడిని h6 బంటు ముందే మూసేసింది. c3కి గుర్రం వెళితే c బంటుకు అడ్డం పడుతుంది. ఆ గుర్రానికి సరైన చోటు c3నా d2నా అన్నది ఇంకా తేలలేదు కూడా. కాస్లింగ్ తప్పేం కాదు, కానీ ఆయన బిషప్ c5కి వస్తే d4 గడి మీద ఆయన కాపలా మూడవుతుంది: e5 బంటు, c6 గుర్రం, c5 బిషప్. నాకేమో f3 గుర్రం, రాణి, అంతే. ఇప్పుడు మాత్రం అక్కడ రెండుకు రెండు. అంటే d4 వేయాలంటే ఈ ఎత్తులోనే వేయాలి.

d4 బంటు ఎత్తు కదా, పావు బయటికి తీసినట్టు ఎలా అవుతుంది అని నేనూ వాదించాను. అన్న c1 బిషప్ మీద వేలు పెట్టి దాని గీత అంతా చూపించాడు, తర్వాత రాణి ముందున్న ఖాళీని చూపించాడు. ఒక్క ఎత్తుతో రెండింటికి దారి. ఆయన గుర్రంతో d4లో కొడితే నేనూ గుర్రంతో కొడతాను, ఆయన బంటుతో కొడితే నా రాణి మధ్యలోకి వస్తుంది. మామూలుగా రాణి అంత తొందరగా బయటికి వస్తే c6 గుర్రం తరుముతుంది, ఇక్కడ ఆ గుర్రమే మిగలదు.

కొన్ని నెలల తర్వాత ఇంకో ఆటలో, ఇంకొకాయన అచ్చం అలాగే h6 వేశాడు. 15 నిమిషాల ఆటలో నాలుగో ఎత్తుకి దాదాపు 2 నిమిషాలు పెట్టాను. జవాబు తెలుసు, అయినా d4 మీద కాపలా మళ్లీ లెక్కపెట్టి అప్పుడు వేశాను. ఆయన d6 వేసి e5 బంటును కాపాడుకున్నాడు. చూడ్డానికి గట్టిగానే ఉంది.

```
4.d4 d6 5.dxe5 dxe5 6.Qxd8+ Nxd8 7.Nxe5
```

ఆరో ఎత్తులో రాణులు మారినప్పుడే ఆయన చిక్కుకున్నాడు. రాజుతో తీసుకుంటే f7 బంటు నా బిషప్‌కి పోతుంది. గుర్రంతో తీసుకుంటే ఆ గుర్రం c6 వదిలేసింది కాబట్టి e5 బంటుకు దిక్కు లేదు. ఐదో ఎత్తులో బంటుతో కాకుండా గుర్రంతో e5 తీసుకుని ఉన్నా దారి లేదు: గుర్రాలు మారాక బిషప్ f7లో కొట్టి షా ఇస్తుంది, రాజు దాన్ని తీసుకుంటే వెనక రాణి పోతుంది.

ఇదంతా h6 వల్ల వచ్చిందేనని తర్వాత ఒక ఆటలో నాకు రుజువైంది. మూడో ఎత్తులో ఒకరు బిషప్‌ను e7కి తెచ్చారు. అదీ నా పట్టికలో లేని ఎత్తే. నేను ఉత్సాహంగా అదే d4, అదే రాణుల మార్పిడి నడిపించాను. ఆయన ఆ e7 బిషప్‌తోనే d8లో తీసుకున్నాడు, c6 గుర్రం కదలకుండా e5 బంటును కాస్తూనే ఉంది. నాకు ఏమీ దొరకలేదు. పుస్తకంలో లేని ఎత్తయినా పావు బయటికి తెచ్చే ఎత్తయితే అక్కడ ఖర్చు లేదు. d4 అప్పుడూ మంచి ఎత్తే, కాకపోతే రాణులు మార్చి తొందరపడకుండా పావులు తెచ్చుకోవాలి.

ఇక h6 ఆట. ఒక బంటు నాది ఎక్కువ, నా గుర్రం e5లో కూర్చుంది. దాన్ని తరిమేయాలని ఆయన f6 వేశాడు. గుర్రాన్ని d3కి లాగేద్దామని చెయ్యి చాచి ఆగాను. అది వెళ్లగల గడులన్నీ వరసగా చూశాను. g6 దగ్గర రెండోసారి చూడాల్సి వచ్చింది. అక్కడి నుంచి h8 రూక్, f8 బిషప్ రెండూ గుర్రం కిందికి వస్తాయి. గుర్రాన్ని అక్కడ పెట్టాను.

ఆయన చెయ్యి అలవాటుగా h7 వైపు వెళ్లింది, బంటుతో నా గుర్రాన్ని తీసుకుందామని. అక్కడ బంటు లేదు.