లీడ్ 100కే వచ్చింది సరే, కోర్సులో చేరిందెవరు?

మీటింగ్ ముగిసి ఎంతోసేపు కాలేదు, ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే చల్లారకముందే రాసేస్తున్నా.

మా ఆన్‌లైన్ కోర్సుకి రెండు యాడ్లు నడిపాం. ఒకటి ఏజెన్సీ వాళ్లది: "ఉచిత క్లాసు, ఇప్పుడే చేరండి". రెండోది నేను రాసింది. అందులో ఫీజు, ఎన్ని వారాలు, ఎవరికి పనికిరాదు అన్నీ ముందే చెప్పేశా. ఖర్చు చెరో 20,000, ఇంప్రెషన్లు, అంటే యాడ్ కనిపించినసార్లు, చెరో లక్ష. సెటప్, అప్రూవల్ గొడవేమీ లేకుండా అయిపోయాయి.

గొడవంతా ఇంతకుముందు జరిగిన రివ్యూ మీటింగ్‌లో మొదలైంది. ఏజెన్సీ మేనేజర్ స్క్రీన్ మీద రెండే అంకెలు పెట్టాడు. వాళ్ల యాడ్‌కి సీటీఆర్, అంటే కనిపించిన ప్రతి వందసార్లకీ పడిన క్లిక్కులు, 3 శాతం, నాదానికి 1.1. వాళ్లకి ఒక్కో లీడ్, అంటే ఆసక్తితో నంబరు ఇచ్చిన మనిషి, 100కి పడింది, నాకు 250కి. "ఈ కాపీ ఎవరు రాశారండీ, జనాన్ని తరిమేయడానికా?" అని అందరి ముందూ నవ్వాడు. మా సార్ కూడా నవ్వి, నా యాడ్ ఆపేయమన్నారు. అమ్మకాల షీట్ చూశాక ఆపుదాం, కాస్త టైమ్ ఇవ్వండి అని బతిమాలుకోవాల్సి వచ్చింది.

ముందు ఆ 3 శాతం సంగతి. మెటా యాడ్స్ మేనేజర్‌లో సీటీఆర్‌కి `CTR (all)`, `CTR (link click-through rate)` అని రెండు కాలమ్‌లుంటాయి. మొదటి దాంట్లో లైకులు, కామెంట్లు, ప్రొఫైల్ మీద నొక్కినవి కూడా కలుస్తాయి. ఆయన చూపించింది అదే. లింక్ క్లిక్కులే తీసుకుంటే వాళ్లది 2 శాతం, నాది 1. అంటే వాళ్లకి 2,000 క్లిక్కులు, నాకు 1,000. క్లిక్కు ఖర్చు 10, 20. అయినా వాళ్లదే ముందుందిగా అంటారు, నిజమే. క్లిక్కు నుంచి లీడ్ అయ్యే రేటు కూడా వాళ్లదే మెరుగు: 200 లీడ్లు, అంటే 10 శాతం. నావి 80, 8 శాతం.

మరి తేడా ఎక్కడ కొట్టింది? యాడ్ నొక్కితే తెరుచుకునే ఫారంలో. వాళ్లు పెట్టింది `More volume` రకం. పేరు, ఫోన్ నంబరు ప్రొఫైల్ నుంచి వాటంతటవే నిండిపోతాయి, రెండుసార్లు నొక్కితే లీడ్ అయిపోతుంది. నేను `Higher intent` పెట్టాను, పంపే ముందు వివరాలు మళ్లీ చూసుకోమనే స్క్రీన్ వస్తుంది. ఉచితం అన్న మాటకి వేలు కదిపినవాళ్లూ, ఫీజు చూసి కూడా నంబరు ఇచ్చినవాళ్లూ ఒకటే ఎలా అవుతారు?

ఇది నిరూపించడానికి లీడ్ల ఫైలు సేల్స్ వాళ్ల షీట్‌తో కలపాలి. ఫోన్ నంబరు బట్టి రెండింటినీ జతచేయడానికి `VLOOKUP` ఫార్ములా పెడితే ఒక్కటీ కలవలేదు. చూస్తే డౌన్‌లోడ్ చేసిన ఫైల్లో ప్రతి నంబరు ముందూ `p:+`, దేశం కోడ్ అతుక్కుని ఉన్నాయి. సేల్స్ షీట్‌లో ఉత్త అంకెలే. రెండు వైపులా చివరి పది అంకెలు మాత్రం తీసుకున్నాక అన్నీ కలిశాయి. ఎవరు ఏ యాడ్ నుంచి వచ్చారో `ad_name` కాలమ్ చెప్పేసింది.

వాళ్ల 200 లీడ్లలో డబ్బు కట్టి చేరింది 5 మంది. నా 80లో 16 మంది. అంటే 2.5 శాతం, 20 శాతం. లీడ్ ఖర్చుని ఈ రేటుతో భాగించండి: 100ని 0.025తో భాగిస్తే 4,000, 250ని 0.20తో భాగిస్తే 1,250. ఒక్కో విద్యార్థికి మేం నిజంగా పెట్టిన ఖర్చు ఇదీ. పైగా వాళ్ల 200 మందికి ఫోన్లు చేసి చేసి సేల్స్ వాళ్ల గొంతులు పోయాయి, ఆ జీతం ఈ లెక్కలో లేదు.

కాబట్టి ఎవరైనా "కన్వర్షన్ రేటు బాగుంది" అంటే, దేని నుంచి దేనికి అని మొహం మీదే అడగండి. ఒక్క జాగ్రత్త. అమ్మకాలు రెండూ మూడూ ఉన్నప్పుడు ఈ శాతాలు నమ్మొద్దు, ఇంకో ఇద్దరు చేరితే లెక్క తారుమారవుతుంది. కొనడానికి వారాలు తీసుకునేవాళ్లూ ఉంటారు, రెండు యాడ్ల లీడ్లకీ ఒకే గడువు ఇచ్చాకే పోల్చాలి.

ఇవాళ్టి మీటింగ్‌లో ఈ షీట్ తెరిచా. మా సార్ మాట్లాడకుండా చూసి, నా యాడ్‌కి బడ్జెట్ రెట్టింపు చేయమన్నారు. బడ్జెట్ పెంచితే కొత్త జనానికి చూపిస్తుంది కాబట్టి లీడ్ ఖర్చు పెరగొచ్చు, చేరే శాతం తగ్గొచ్చు అని ముందే చెప్పి ఉంచా. లీడ్ 400కి పెరిగి, చేరేవాళ్లు 16 శాతానికి పడినా విద్యార్థికి 2,500 అవుతుంది, అప్పటికీ వాళ్ల 4,000 కంటే చవకే. మేనేజర్ మాత్రం వెళ్తూ వెళ్తూ, "సీటీఆర్ కొంచెం పెంచాలండీ" అన్నాడు.