96 కోట్లలో నీ వంతు ఎంత?

మా అక్క కొడుకు ఉద్యోగం కోసం రాసుకున్న ఈమెయిలు నాకు చేరిన రాత్రి నేను ఒమన్‌లో, హైమాకు అవతల మా క్యాంపు గదిలో ఉన్నాను. మస్కట్ నుంచి అయిదు వందల కిలోమీటర్లకు పైగా లోపలికి వస్తే హైమా. అక్కడి నుంచి మా క్యాంపుకు ఇంకో గంట ప్రయాణం. సిగ్నల్ సరిగా అందక ఆ ఉత్తరం తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది.

వాడిది సోంపేట దగ్గర ఊరు. సివిల్ ఇంజినీరింగ్ చదివి, మన శ్రీకాకుళం జిల్లాలోనే ఒక కాలువ పనిలో నాలుగేళ్ళుగా ఉన్నాడు. ఒమన్‌లో మరో కంపెనీ సైట్ ఇంజినీరు కావాలని ప్రకటన ఇస్తే దానికి దరఖాస్తు తయారు చేసుకున్నాడు. “మామయ్యా, ఒకసారి చూసి భాష దిద్దండి చాలు” అన్నాడు.

భాష బాగానే ఉంది. అందులో వాడే లేడు. “96 కోట్ల ప్రాజెక్టులో పనిచేశాను. 15,000 ఘనమీటర్ల కాంక్రీటు వేయించాను. భద్రతా నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తాను. ప్రపంచంలో ఎక్కడైనా పనిచేయడానికి సిద్ధం.” మా సైట్ ఆఫీసుకు వచ్చే దరఖాస్తులను మొదట చదివే ఇద్దరిలో నేనొకడిని. ఈ నాలుగు వాక్యాలు పేరు మార్చుకుని వారానికి పదిసార్లు కనిపిస్తాయి. అందుకే వాడికి ఫోను చేసి, భాష సంగతి తరువాత, ముందు లెక్క చూద్దామన్నాను.

“96 కోట్లలో నీ వంతు ఎంత?”

కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. వాడి చేతిలో ఉన్నది 3.2 కిలోమీటర్ల కాలువ లైనింగు, పదకొండు చిన్న కట్టడాలు: కల్వర్టులు, తూములు. రెండు గట్ల వాలు, అడుగు కలిపి లైనింగు చుట్టుకొలత 14 మీటర్లు, మందం 10 సెంటీమీటర్లు. అంటే కాలువ పొడవున ఒక్కో మీటరుకు 1.4 ఘనమీటర్ల కాంక్రీటు. 3.2 కిలోమీటర్లకు 4,480 ఘనమీటర్లు. వాడు రాసిన 15,000 నిజం కావాలంటే కాలువ పదిన్నర కిలోమీటర్లు దాటాలి. అది మొత్తం ప్యాకేజీ లెక్క, వాడిది కాదు.

“అందరూ అలాగే రాస్తారు కదా మామయ్యా. 4,480 అంటే చిన్నగా కనిపించదా?”

చదివేవాడు కూడా సివిల్ ఇంజినీరే. పొడవు, వెడల్పు, మందం దొరికితే చాలు, కాగితం అంచున గుణించి చూస్తాడు. నేనూ అదే చేస్తాను. అంకె తేలకపోతే ఆ మనిషిని అబద్ధాలకోరు అనుకోను. వేరొకరి బిల్లు చూసి రాశాడని, పని దగ్గర నిలబడలేదని అనుకుంటాను. అది ఇంకా చేటు. 4,480 మాత్రం లెక్కకు నిలుస్తుంది. లైనింగు పద్నాలుగు నెలల్లో పూర్తయింది కాబట్టి నెలకు సుమారు 320 ఘనమీటర్లు పడుతుంది. యాభై మంది మనుషులతో, సైట్లోనే మిక్సర్ పెట్టుకుని ఆ వేగం సాధించడం సాధ్యమేనని ఎవరికైనా తెలుస్తుంది. 96 కోట్లు అనే అంకె ఒక్క వాక్యంలో ప్రాజెక్టు పరిచయంగా ఉండవచ్చు. దాని వెంటనే “అందులో నా బాధ్యత ఇది” అని రావాలి.

“ప్రమాదం లేకుండా 10 లక్షల పని గంటలు” అని ఇంకో చోట రాశాడు. దాన్నీ గుణించాం. యాభై మంది, రోజుకు ఎనిమిది గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు, పద్నాలుగు నెలలు. లక్షా నలభై అయిదు వేల పైచిలుకు వచ్చింది. వాడే ఆ వాక్యం కొట్టేశాడు.

భద్రత దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు ఆగాం. హెల్మెట్, బూట్లు, ఉదయం పని మొదలుకాకముందు మనుషులను నిలబెట్టి చెప్పే జాగ్రత్తలు, ఇవన్నీ ప్రతివాడూ రాస్తాడు. నాకు కావలసింది ఒక్క రోజు. పని ఆపిన రోజు ఏదైనా ఉందా అని అడిగాను. ఉందన్నాడు, కానీ అది రాస్తే తన తప్పు అనుకుంటారేమోనని వదిలేశాడట.

ఒక కల్వర్టు పునాదికి గొయ్యి తవ్వుతున్నారు. లోతు 2.8 మీటర్లు, గోడలు దాదాపు నిటారుగా ఉన్నాయి. తవ్విన మట్టిని అంచునే పోశారు. ముందు రాత్రి వాన పడింది. ఉదయం వీడు అంచున నడుస్తుంటే, గొయ్యికి సమాంతరంగా నేల మీద సన్నటి గీత కనిపించింది. ఎండిన బీట అనుకుని దాటేయవచ్చు. వీడు జేబులోని పెన్ను తీసి అందులో దించాడు. మూత దాకా దిగింది. లోపల అయిదుగురు ఇనుము కడుతున్నారు. వాళ్ళను పైకి రమ్మని కేక వేశాడు. నిచ్చెన ఒక్కటే, అది గొయ్యికి అటు చివర. అయిదుగురూ ఎక్కి వచ్చేసరికి పట్టిన సమయం వాడికి ఇప్పటికీ గుర్తుంది.

“బీట అంచుకు ఎంత దూరంలో ఉంది?” అని అడిగాను.

“టేపు పెట్టి చూశాను. నాలుగున్నర అడుగులు.”

ఆ మాట విన్నాక వాడి మీద నాకు పూర్తి నమ్మకం కలిగింది. నిటారు గోడ జారబోయే ముందు పైన పుట్టే బీట సాధారణంగా గొయ్యి లోతులో సగం నుంచి ముప్పావు వంతు దూరంలో కనిపిస్తుంది. 2.8 మీటర్ల లోతుకు అది 1.4 మీటర్ల నుంచి 2.1 మీటర్ల దాకా. నాలుగున్నర అడుగులంటే దాదాపు 1.4 మీటర్లు. ఊహించి చెప్పేవాడు “అంచు పక్కనే” అంటాడు. అంచుకూ బీటకూ మధ్య ఉన్న మట్టి అంతా ఒకేసారి కిందికి వస్తుంది. ఒక్క ఘనమీటరు మట్టి బరువు టన్నున్నర దాటుతుంది. నడుము దాకా కూరుకుపోయిన మనిషిని కూడా చేతులతో లాగి బయటికి తీయలేం.

తరువాత ఏం చేశారో కూడా చెప్పించాను. తన పై ఇంజినీరును పిలిచాడు. మట్టి గుట్టను అంచు నుంచి మీటరు దూరం జరిపించారు. ఒక వైపు గోడను ఒకటికి ఒకటిన్నర వాలుగా, అంటే 4.2 మీటర్లు వెనక్కి కోశారు. రెండో వైపు రైతు పొలంలో వరి కోతకు వచ్చి ఉంది, వాలు కోయడానికి చోటు లేదు. అటు ఇనుప పలకలు నిలబెట్టి, సరుగుడు బాదులు అడ్డం బిగించారు. రెండో నిచ్చెన దించారు. రెండు రోజుల పని పోయింది. వాలు ఎంత ఉండాలో, బాదులు ఎలా బిగించాలో పై ఇంజినీరు నిర్ణయించాడని, తాను దగ్గరుండి చేయించానని వాడు చెప్పాడు. ఉత్తరంలో కూడా అలాగే రాయమన్నాను. తాను నిర్ణయించినట్టు రాస్తే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే చిక్కుకుంటాడు.

ఇక మిగిలింది “ఎక్కడైనా పనిచేస్తాను” అనే వాక్యం. మారుమూల అంటే మనవాళ్ళు ఇసుక, ఎండ, ఒంటరితనం అనుకుంటారు. అవీ ఉంటాయి. కానీ ఇంజినీరును ఇబ్బంది పెట్టేది అడిగిన వస్తువు ఆ పూట దొరకకపోవడం. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదు. కాంక్రీటు వేడెక్కకూడదు కాబట్టి నీళ్ళలో మంచు కలిపి రాత్రిపూట పోస్తాం. నేను వచ్చిన మొదటి వేసవిలో ఒక పునాది సగం పోశాక, కాంక్రీటును కదిలించి కుదించే వైబ్రేటర్ ఆగిపోయింది. ఇంకోటి తొంభై కిలోమీటర్ల దూరంలో ఉంది. అది వచ్చేసరికి కింది పొర గట్టిపడి, పైదానికీ దానికీ అతుకు పడలేదు. ఆ పునాదిని పగలగొట్టాం. అప్పటి నుంచి రెండో వైబ్రేటర్‌ను నా చేతులతో నడిపి చూడందే పోత మొదలుపెట్టను.

వాడికీ ఇలాంటి అనుభవం ఉంది, అది చెప్పుకోదగ్గదని తెలియదు. రేకుల షెడ్డులో పద్నాలుగు నెలలు ఉన్నాడు. బస్సు ఎక్కాలంటే తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. కాంక్రీటు పరీక్ష దిమ్మలను తానే బండి మీద శ్రీకాకుళం ల్యాబుకు తీసుకెళ్ళేవాడు. వాన పడితే సిమెంటు లారీ రాదు కనుక పది రోజుల నిల్వ ఉంచేవాడు. ఇదంతా మూడు వాక్యాల్లో పెట్టించాను. ఒమన్ డ్రైవింగ్ లైసెన్సు లేదు, భారత లైసెన్సు ఉంది అన్న సంగతి కూడా. ఎడారి సైట్లకు బండి నడపగలిగిన మనిషి కావాలి, దాచిపెడితే వచ్చాక తేలుతుంది.

చివరికి ఉత్తరం ఇంగ్లీషులో పదిహేను పంక్తులైంది. అందులో ముఖ్యమైన భాగం తెలుగులో ఇలా ఉంటుంది:

“సివిల్ సైట్ ఇంజినీరు ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. 96 కోట్ల రూపాయల కాలువ ప్యాకేజీలో 3.2 కిలోమీటర్ల లైనింగు (4,480 ఘనమీటర్లు), పదకొండు కట్టడాలు నా బాధ్యతలో పూర్తయ్యాయి. యాభై మంది సిబ్బందితో లైనింగు పద్నాలుగు నెలలు సాగింది. 2.8 మీటర్ల గొయ్యి అంచు నుంచి 1.4 మీటర్ల దూరంలో బీట గమనించి, అయిదుగురిని బయటికి రప్పించి పని ఆపించాను. పై ఇంజినీరు సూచన ప్రకారం గోడలను సరిచేయించాక, రెండు రోజులకు తిరిగి మొదలుపెట్టాం. ఆ బీట ఫొటో జతచేశాను. రెడీమిక్స్, ల్యాబు అందుబాటులో లేని సైట్లో నివసించి పనిచేశాను. నోటీసు గడువు 30 రోజులు. ఒమన్ లైసెన్సు లేదు, వచ్చిన వెంటనే పరీక్షకు సిద్ధం. సెలవుల వరుస, సైటుకు ఆసుపత్రి ఎంత దూరమో తెలియజేయగలరు.”

ఆఖరి వాక్యం తీసేద్దామన్నాడు, అడిగితే భయపడుతున్నట్టు ఉంటుందని. ఉంచమన్నాను. మారుమూల సైట్లో ఉండి వచ్చినవాడు మొదట అడిగేది అదే.

ఇంకో మాట ఉత్తరానికి బయట చెప్పాను. మనది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో వాడికి చెప్పనక్కరలేదు. ఎండలో పని, చాలని నీళ్ళు, ఒళ్ళునొప్పులకు మింగే మాత్రలు కిడ్నీలకు మంచివి కావు. కంపెనీ వైద్య పరీక్ష ఎప్పుడో వస్తుంది, ముందు నువ్వే రక్తం ఇచ్చి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకో అన్నాను. అందులో తేడా ఉంటే ఈ ఉద్యోగం వద్దు, వేరేది చూద్దామని కూడా అన్నాను.

మూడు వారాలకు వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. కాంక్రీటు గురించి రెండే ప్రశ్నలు అడిగారట. మిగతా సమయమంతా ఆ బీట గురించే: ఎవరు మొదట చూశారు, అయిదుగురిలో ఎవరైనా రానన్నారా, పోయిన రెండు రోజులకు ఎవరు అడ్డం తిరిగారు. ఫలితం ఇంకా రాలేదు. నిన్న రాత్రి మాత్రం వాడి నుంచి ఒక కాగితం ఫొటో వచ్చింది. క్రియాటినిన్ 0.9. కింద ఒక్క ముక్క రాశాడు: “అమ్మది కూడా చేయించాను మామయ్యా, రేపు వస్తుంది.”